మూడు కాగితాలు, మూడు ధరలు

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగులు, మోటార్లు దిగుమతి చేసుకునే దుకాణం ఏదైనా సరే, ఓనరు రోజుకు రెండుసార్లయినా అడిగే మాట ఒకటుంటుంది. "మన కంటైనర్ క్లియర్ అయిందా?" అకౌంట్స్ కుర్రాడు ఫోన్ చెవిన పెట్టుకునే జవాబిస్తాడు: "అయిపోయిందన్నారండి, డ్యూటీ కూడా కట్టేశాం." ఆ తర్వాత నాలుగు రోజులైనా లారీ రాదు. అతను అబద్ధం చెప్పలేదు. డ్యూటీ కట్టిన మాట నిజమే. కస్టమ్స్ భాషలో డ్యూటీ కట్టడం వేరు, సరుకు విడుదల కావడం వేరు, గేటు దాటడం వేరు. ఆ మూడింటినీ 'క్లియర్' అనే ఒక్క మాటలో కుక్కేస్తే వచ్చిన చిక్కు ఇది.

దిగుమతి కాగితాల్లోని సరుకు, విలువ, సుంకం, విడుదల స్థితి అన్నిటినీ ఒకే పట్టికలోకి ఎక్కించాలని చాలా ఆఫీసులు మొదలుపెడతాయి. మూడు నెలలకు ఆ పట్టికను ఎవరూ నమ్మరు. ఎందుకలా జరుగుతుందో ఒక కన్‌సైన్‌మెంట్ పట్టుకుని చూద్దాం. ఇది లెక్క కోసం అల్లిన ఉదాహరణ, రేట్లు కూడా అలా అనుకున్నవే. అసలు రేట్లు మీ సరుకు వర్గీకరణను బట్టి ఉంటాయి.

షాంఘై నుంచి విశాఖపట్నానికి ఒక కంటైనర్ వచ్చింది. అందులో 6,000 డాలర్ల బేరింగులు, 4,000 డాలర్ల చిన్న మోటార్లు ఉన్నాయి. ఇన్‌వాయిస్ మీద మొత్తం 10,000 డాలర్లు, పక్కనే ఎఫ్‌ఓబీ అని ఉంది. అంటే సరుకును అక్కడి ఓడలోకి ఎక్కించేదాకా అయ్యే ఖర్చే ఈ ధరలో ఉంది. ఓడ కిరాయి 500 డాలర్లు, బీమా 100 డాలర్లు మనవి.

ఇప్పుడు సరుకు విలువెంత? సప్లయర్‌ను అడిగితే 10,000 డాలర్లు అంటాడు. బ్యాంకు, డబ్బు పంపిన రోజు రేటు 85.60 కాబట్టి 8,56,000 రూపాయలు ఖాతాలో తీసేసింది. కస్టమ్స్ లెక్క ఈ రెండూ కాదు. ధరకు కిరాయి, బీమా కలిపి 10,600 డాలర్లు చేసి, దాన్ని తాను ప్రకటించిన మారకపు రేటుతో గుణిస్తుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేసిన రోజు అమల్లో ఉన్న రేటు అది. 85 అనుకుందాం. 9,01,000 రూపాయలవుతుంది. దీన్నే అసెసబుల్ విలువ అంటారు. సుంకం పడేది దీని మీదే.

మూడు కాగితాలు, మూడు ధరలు, మూడూ సరైనవే. పట్టికలో 'విలువ' అని ఒక్క గడి పెట్టుకుంటే ఒకరు ఇన్‌వాయిస్ చూసి, మరొకరు బ్యాంకు సందేశం చూసి నింపుతారు. నా అనుభవంలో పట్టికలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఇన్‌వాయిస్ విలువకు, దాని కరెన్సీకి, కస్టమ్స్ రేటుకు, అసెసబుల్ విలువకు వేర్వేరు గడులు ఉండాలి. అసెసబుల్ విలువను బిల్ ఆఫ్ ఎంట్రీ నుంచి తప్ప మరెక్కడి నుంచీ ఎత్తి రాయకూడదు.

బిల్ ఆఫ్ ఎంట్రీ అంటే, ఫలానా సరుకు తెచ్చాను, ఇంత విలువ, ఇంత సుంకం అని దిగుమతిదారు తరఫున కస్టమ్స్ బ్రోకర్ దాఖలు చేసే పత్రం. మార్కెట్‌లో ఆ బ్రోకర్‌ను ఇంకా సీహెచ్‌ఏ అనే అంటారు. దాఖలుకు ముందు ఆయన ఒక చిత్తు ప్రతి పంపుతాడు, దాన్ని చెక్‌లిస్ట్ అంటారు. చూడటానికి అచ్చం అసలు దానిలాగే ఉంటుంది. సరుకు, విలువ, సుంకం అన్నీ ఉంటాయి. బిల్లు నంబరు మాత్రం ఉండదు. ఆ చెక్‌లిస్టునే పట్టికలోకి ఎక్కించి, తర్వాత అధికారి విలువ పెంచినా ఆ సంగతి తెలియని ఆఫీసును నేను చూశాను. నెలాఖరుకు బ్యాంకులో పోయిన డబ్బుకు, పట్టికలోని డ్యూటీకి పొంతన కుదరక అందరూ బుర్రలు పట్టుకున్నారు. అందుకే నంబరు, తేదీ, పోర్టు కోడ్ మూడూ లేని కాగితం నుంచి డ్యూటీ గడి నింపకూడదు. పోర్టు కోడ్ విశాఖ రేవుకు INVTZ1, హైదరాబాద్ సనత్‌నగర్ లోతట్టు డిపోకు INSNF6. జీఎస్టీ పోర్టల్‌లో దిగుమతిని వెతకాలన్నా ఈ మూడూ కావాలి.

ఇక పట్టికలో ఒక వరస అంటే ఏమిటి? చాలామంది కంటైనర్‌కు ఒక వరస పెడతారు. నేనైతే బిల్ ఆఫ్ ఎంట్రీలోని ఒక్కో సరుకుకు ఒక్కో వరస పెట్టమంటాను. సుంకం పడేది సరుకు మీద, కంటైనర్ మీద కాదు. మన ఉదాహరణలో కిరాయి, బీమా ధరల నిష్పత్తిలో పంచితే బేరింగుల అసెసబుల్ విలువ 5,40,600, మోటార్లది 3,60,400. బేరింగుల మీద బేసిక్ డ్యూటీ ఏడున్నర శాతం, మోటార్ల మీద పది శాతం అనుకుందాం.

బేరింగులకు బేసిక్ డ్యూటీ 40,545 రూపాయలు. ఆ డ్యూటీ మీద పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ, అంటే 4,054.50. ఈ రెండింటినీ విలువకు కలిపి, ఆ మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ వేస్తే 1,05,335.91. వెరసి 1,49,935.41. మోటార్లకు ఇదే వరుసన 36,040, 3,604, 72,007.92, కలిపి 1,11,651.92. రెండూ కలిస్తే 2,61,587 రూపాయల చిల్లర.

ఈ ఒక్క అంకె రాసి ఊరుకుంటే మళ్లీ పొరపాటే. ఇందులో ఐజీఎస్టీ 1,77,343 రూపాయల దాకా ఉంది. అర్హత ఉన్న వ్యాపారి దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వాడుకుంటాడు. బేసిక్ డ్యూటీ, సర్‌చార్జీ కలిపి 84,243 రూపాయల పైచిలుకు మాత్రం తిరిగి రాదు, అది సరుకు ఖర్చు. రెండింటినీ కలిపేస్తే బేరింగ్ అమ్మకపు ధర కట్టేటప్పుడు లేని ఖర్చు నెత్తినేసుకున్నట్టే. అందుకే మూడు సుంకాలకూ మూడు గడులు.

గడులు నింపే పని ఎలా? ఐస్‌గేట్ నుంచి వచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ పీడీఎఫ్‌లో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. ఎక్సెల్‌లో పీడీఎఫ్ నుంచి డేటా తెచ్చుకునే సౌకర్యంతో చాలావరకు నేరుగా లాగొచ్చు. కష్టం సప్లయర్ ఇన్‌వాయిస్‌తోనే. దాన్ని ఎవరో ముద్ర వేసి, సంతకం చేసి, స్కాన్ చేసి పంపుతారు. బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్ సున్నాను 'ఓ' అని, ఒకటిని 'ఐ' అని చదువుతుంది. కంటైనర్ నంబరు విషయంలో మనకో అండ ఉంది. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉండే ఆ నంబరులో చివరి అంకె మిగతా పదింటి నుంచి లెక్కగట్టి పెట్టినదే. ఒక్క అక్షరం తప్పు చదివినా ఆ లెక్క దాదాపు ఎప్పుడూ తప్పుతుంది.

ఎక్సెల్ చేసే తప్పులు ఇంకా నిశ్శబ్దంగా ఉంటాయి. ఆపిల్ పండ్ల వర్గీకరణ సంఖ్య 0808తో మొదలవుతుంది. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చకపోతే మొదటి సున్నాను ఎక్సెల్ తినేస్తుంది, ఎనిమిది అంకెల కోడ్ ఏడంకెలై కూర్చుంటుంది. జర్మనీ ఇన్‌వాయిస్‌లో 1.200 అంటే పన్నెండు వందలు. మన కంప్యూటర్ దాన్ని ఒకటీ పాయింట్ రెండు అనుకుంటుంది. 05/06 జూన్ ఐదో, మే ఆరో ఏ దేశపు కాగితమో చూస్తే గాని తేలదు.

ఇన్ని తప్పుల్ని కంటితో పట్టలేం. సుంకం లెక్కకు ఒక గొలుసు ఉంది కాబట్టి పట్టిక చేతే పట్టించొచ్చు. G గడిలో అసెసబుల్ విలువ, H లో బేసిక్ రేటు, I లో ఐజీఎస్టీ రేటు, M లో కాగితం మీద ఉన్న మొత్తం సుంకం ఉన్నాయనుకోండి. రేట్లు శాతాలుగా, అంటే 7.5% అని ఉండాలి.

```
=ROUND(G2*H2*1.1+(G2+G2*H2*1.1)*I2,0)-M2
```

జవాబు సున్నాకు రూపాయో రెండో అటూ ఇటూగా ఉంటే అంకెలు సరిగ్గా ఎక్కినట్టు. 7.5ను 75గా చదివినా, అసెసబుల్ విలువ చోట ఇన్‌వాయిస్ ధర పడినా తేడా వేలల్లో వచ్చి మొహాన కొడుతుంది. అయితే కొన్ని సరుకుల మీద వ్యవసాయ సెస్సు, యాంటీ డంపింగ్ సుంకం పడతాయి. కొన్నిటికి సర్‌చార్జీ మినహాయింపు ఉంటుంది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద బేసిక్ డ్యూటీ సున్నా కావచ్చు. అలాంటి వరసల్లో తేడా వస్తే తప్పని కాదు, ఆ కాగితాన్ని ఒకసారి తెరిచి చూడమని. మరో సంగతి, ఈ లెక్క మన నకలు తప్పునే పడుతుంది. బ్రోకరే సరుకును తప్పు కోడ్ కింద చూపితే సున్నా హాయిగా వస్తుంది. ఒక సరుకు వరస మొత్తంగా జారిపోయినా పట్టదు. దానికి వరసల డ్యూటీ కూడి, మొదటి పేజీలోని మొత్తంతో సరిపోల్చాల్సిందే.

మళ్లీ మొదటి ప్రశ్నకొద్దాం. స్థితి గడిలో 'పెండింగ్', 'క్లియర్' లాంటి మాటలు రాయడం మానేసి తేదీలు రాయాలి. దాఖలైన తేదీ, అసెస్‌మెంట్ అయిన తేదీ, డ్యూటీ కట్టిన తేదీ, అవుట్ ఆఫ్ ఛార్జ్ తేదీ, గేటు దాటిన తేదీ. మాటను ఎవరైనా ఎలాగైనా అర్థం చేసుకోవచ్చు, ఖాళీ గడిని అలా కుదరదు. వీటిలో అవుట్ ఆఫ్ ఛార్జ్ అనేదే 1962 కస్టమ్స్ చట్టం 47వ సెక్షన్ కింద అధికారి ఇచ్చే విడుదల ఉత్తర్వు. అది రానిదే సరుకు కదలదు. మొదటి నాలుగు తేదీలు బిల్లు నంబరు కొడితే ఐస్‌గేట్‌లో కనబడతాయి. ఐదోది రేవు నుంచో లారీ మనిషి నుంచో తెలుసుకోవాలి.

తేదీల మధ్య దూరమే డబ్బు. గడువు దాటి డ్యూటీ కడితే ఏడాదికి 15 శాతం వడ్డీ. మన 2,61,587 రూపాయల మీద అది రోజుకు నూట ఏడు రూపాయల చిల్లర, పెద్ద లెక్క కాదు. అసలు దెబ్బ రేవు అద్దె, షిప్పింగ్ కంపెనీ కంటైనర్ అద్దె, అవి డాలర్లలోనూ పడతాయి. బిల్లు ఆలస్యంగా దాఖలు చేస్తే దానికి రుసుము వేరే.

చివరగా ఒక మెలిక. సరుకును వెంటనే తెచ్చుకోకుండా బాండెడ్ గోదాములో పెడితే మొదట గోదాము బిల్లు ఒకటి పడుతుంది, డ్యూటీ లెక్క కడతారు గాని చెల్లించరు. తర్వాత కొంచెం కొంచెంగా తీసినప్పుడల్లా ఎక్స్‌బాండ్ బిల్లు పడుతుంది, డ్యూటీ అప్పుడు కడతారు. రెంటినీ పట్టికలో ఒకే తీరుగా ఎక్కిస్తే సరుకూ రెట్టింపే, సుంకమూ రెట్టింపే. బిల్లు రకానికి ఒక గడి పెట్టి, ఎక్స్‌బాండ్ వరసలో పాత గోదాము బిల్లు నంబరు కూడా రాసుకుంటే గోదాములో ఇంకా ఎన్ని మోటార్లు మిగిలాయో ఆ పట్టికే చెబుతుంది. ఓనరు మర్నాడు అడగబోయేది ఎలాగూ అదే.