35 × 45: కొలత తప్పని ఫోటో షీటు

మన దేశంలో పాస్‌పోర్టుకు వెళ్తే పెద్దవాళ్లకు సేవా కేంద్రంలోనే ఫోటో తీసేస్తారు. నాలుగేళ్లు నిండని పిల్లలకు మాత్రం తెల్లటి వెనకభాగంతో 35 × 45 మిల్లీమీటర్ల ఫోటో మనమే పట్టుకెళ్లాలి. రెండేళ్ల పిల్లాణ్ని స్టూడియో స్టూలు మీద కదలకుండా కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు కాబట్టి, చాలామంది ఇంట్లోనే తెల్ల దుప్పటి ముందు ఫోన్‌తో తీసేస్తారు. ఫోటో బాగానే వస్తుంది. చిక్కంతా దాన్ని కాగితం మీదికి సరిగ్గా ఆ కొలతలో దించడంలోనే ఉంది. ప్రింటు తీసి స్కేలు పెడితే 34 × 43 కనిపిస్తుంది, ఎక్కడ తగ్గిందో అంతుపట్టదు.

అసలు ఫోన్‌లో ఉన్న ఫోటోకు మిల్లీమీటర్లంటూ ఏమీ ఉండవు. ఉండేవి పిక్సెళ్లు, అంటే వరసగా పేర్చిన రంగు గళ్లు. వాటిని అంగుళానికి ఎన్ని చొప్పున కాగితం మీద పరుస్తామో చెప్పే అంకెనే డీపీఐ అంటున్నాం. అంగుళానికి 300 పరిస్తే 413 పిక్సెళ్లు 35 మిల్లీమీటర్లలో సర్దుకుంటాయి. అదే 413ను అంగుళానికి 72 చొప్పున పరిస్తే దాదాపు 146 మిల్లీమీటర్లు ఆక్రమిస్తాయి. ఫోటో అదే, గళ్లూ అవే, మారింది అంకె ఒక్కటే. ప్రింటరు డబ్బా మీద 4800, 5760 అని రాసి ఉండేది వేరే సంగతి. అది యంత్రం వేసే సిరా బొట్ల లెక్క, మన షీటు కొలతతో దానికి సంబంధం లేదు.

లెక్క సులువే. మిల్లీమీటర్లను 25.4తో భాగించి 300తో గుణిస్తే పిక్సెళ్లు వస్తాయి. 35కు 413, 45కు 531. స్టూడియోల్లో మామూలుగా వాడే ఫోర్ బై సిక్స్ షీటును అడ్డంగా పెడితే వెడల్పు 1800, ఎత్తు 1200 పిక్సెళ్లు. అందులో పైన నాలుగు, కింద నాలుగు, మొత్తం ఎనిమిది ఫోటోలు పడతాయి.

ఉచితంగా దొరికే GIMPలో చేద్దాం. ముందు పిల్లాడి ఫోటోను 7:9 నిష్పత్తిలో కత్తిరించాలి, ఎందుకంటే 35, 45 ఆ నిష్పత్తిలోనే ఉంటాయి. ఈ పని దాటేసి నేరుగా 413 × 531కు లాగితే ముఖం సాగిపోతుంది. బూరెబుగ్గల పిల్లాడు కోలముఖంతో వస్తే ఎవరూ గుర్తుపట్టరు. కత్తిరించాక 1400 × 1800 మిగిలిందనుకుందాం. అప్పుడు Scale Imageలో 413 × 531 అని ఇస్తే ఆ సైజుకు దిగుతుంది. తర్వాత ఫోటో చుట్టూ ఒక్క పిక్సెల్ మందంతో లేత బూడిదరంగు గీత గీయండి. తెల్లటి వెనకభాగం తెల్ల కాగితంలో కలిసిపోతుంది కదా, ఆ గీత లేకపోతే ఎక్కడ కత్తిరించాలో తెలియదు.

ఇక కొత్త షీటు తెరవాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వెడల్పు 6 అంగుళాలు, ఎత్తు 4 అని ఇచ్చి, Advanced Optionsలో రిజల్యూషన్ చూడకుండా వదిలేస్తారు. అక్కడ 72 ఉంటే షీటు 432 × 288 పిక్సెళ్లే అవుతుంది, అతికించిన ఒక్క ఫోటో షీటు దాటి బయటికి పోతుంది. ఫోటో ఫైలులో 300 అని ఉందిగా అంటారు. ఒక షీటులో అతికించిన క్షణం నుంచి ఆ ఫోటో సొంత డీపీఐకి విలువ లేదు, లెక్కకు వచ్చేది షీటుదే. కాబట్టి 300 పెట్టాల్సింది షీటుకు.

ఫోటోల మధ్య 16 పిక్సెళ్ల సందు చాలు, ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. అలా పేరిస్తే ఎడమ అంచు నుంచి ఫోటోలు మొదలయ్యే చోట్లు 50, 479, 908, 1337. పై వరస పైనుంచి 61 దగ్గర, కింది వరస 608 దగ్గర మొదలవుతాయి. సందులు ఇంకాస్త వెడల్పుగా ఉంటే కత్తెరకు సుఖమే. కానీ షీటు అంచుల్లో చోటు మిగలడం ముఖ్యం, ఎందుకంటే ప్రింటరు చెయ్యిచేసుకునేది అంచుల మీదే.

ఇంతా చేసినా ప్రింట్ నొక్కే ముందు వచ్చే పెట్టెలో అంతా పాడవచ్చు. Fit to page అని ఉంటే ప్రింటరు తన మార్జిన్లలో పట్టేలా షీటు మొత్తాన్ని కుదిస్తుంది. 97 శాతానికి కుదిస్తే 35 కాస్తా 34 అవుతుంది, 45 కాస్తా 43.6 అవుతుంది. మొదట్లో చెప్పిన 34 × 43 కథ ఇదే. బోర్డర్‌లెస్ పెడితే దీనికి తిరగబడుతుంది. అంచుల్లో తెలుపు మిగలకుండా ఉండేందుకు బొమ్మను కొంచెం పెంచి, కాగితం దాటినదాన్ని వదిలేస్తుంది. మనకు కావాల్సింది Actual size, లేదా స్కేలు 100%. విండోస్‌లో ఫోటో ప్రింటు చేసేటప్పుడు కనిపించే Fit picture to frame టిక్కు తీసేయాలి.

బజారులో ప్రింటు వేయిస్తుంటే ఇంకో జాగ్రత్త. షీటును వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే పిక్సెళ్లు తగ్గించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి. అంతకన్నా PDF మేలు, అందులో పేజీ 6 × 4 అంగుళాలని రాసిపెట్టి ఉంటుంది. JPEGలో డీపీఐ అంకె చెరిగిపోతే షాపు కంప్యూటరు దాన్ని 72గా తీసుకుని పాతిక అంగుళాల వెడల్పున చూపించవచ్చు. అప్పుడు అక్కడి కుర్రాడు కంటికి ఆనిన సైజుకు లాగేస్తాడు. పాపం, అతని తప్పేమీ లేదు.

సరిగ్గా వచ్చిందో లేదో తేల్చడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. రెండు వరసల మధ్య సందులో 591 పిక్సెళ్ల పొడవున సన్నటి గీత గీయండి. 300 డీపీఐలో అది 50 మిల్లీమీటర్లు. ముందు మామూలు తెల్లకాగితం మీద ప్రింటు తీసి స్కేలు పెట్టండి. 48.5 వస్తే 97 శాతానికి కుదించినట్టు, 51.5 వస్తే 3 శాతం పెంచినట్టు. ఖరీదైన ఫోటో పేపరు తర్వాతే పెట్టొచ్చు. ఫోటోలు కత్తిరించాక ఆ గీత ముక్కల్లో పోతుంది.

అమెరికా వీసాకు, ఓసీఐ కార్డుకు అడిగేది 2 × 2 అంగుళాల ఫోటో. 300 డీపీఐలో ఇది 600 × 600. ఫోర్ బై సిక్స్‌లో ఆరు సరిగ్గా పడతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అంచుల్లో ఒక్క పిక్సెల్ కూడా మిగలదు. బోర్డర్‌లెస్ కొద్దిగా పెంచినా ప్రతి ఫోటో ఏదో ఒక వైపు కోసుకుపోతుంది. మార్జిన్‌తో వేస్తే కుదించక తప్పదు. వీసా ఫోటోలో గడ్డం నుంచి నెత్తి పైభాగం దాకా 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉండాలి కాబట్టి, ముఖాన్ని ఆ హద్దుకు అంటుకునేలా కత్తిరించి ఉంటే ఈ పెరుగుదల, కుదింపు అక్కడా చూపిస్తాయి.

ఆ ఆరు ఫోటోలనూ ఫైవ్ బై సెవెన్ షీటులో వేయడం మంచిది. 300 డీపీఐలో అది 2100 × 1500. ఫోటోలకు 1800 × 1200 పోగా వెడల్పులో 300, ఎత్తులో 300 పిక్సెళ్లు మిగులుతాయి. అంటే సందులు లేకుండా పేర్చినా నాలుగు వైపులా అర అంగుళం చొప్పున ఖాళీ. 50 మిల్లీమీటర్ల గీతకు కూడా అందులోనే చోటు దొరుకుతుంది.