కడుపు నిండినా పేగులెందుకు అరుస్తాయి?

వేటపాలెంలో నా తరగతి గదిలో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. మధ్యాహ్న భోజనం అయ్యాక ఏడో తరగతికి పాఠం చెబుతున్నాను. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి కడుపు గుడగుడమని గదంతా వినపడేలా మోగింది. పిల్లలు నవ్వారు. "అన్నం తినలేదా అమ్మా?" అని అడిగాను. "తిన్నాను సార్, మారు కూడా పెట్టించుకున్నాను" అని తల దించుకుంది. నేను నమ్మలేదు. తర్వాత వంట చేసేవాళ్లను అడిగితే, ఆ పిల్ల నిజంగానే రెండుసార్లు పెట్టించుకుందని చెప్పారు. పిల్ల మాట శంకించినందుకు నాకే సిగ్గేసింది.

మనం ఆకలేస్తే "పేగులు అరుస్తున్నాయి" అంటాం. అందుకే ఆ చప్పుడు వినగానే ఆకలే గుర్తుకొస్తుంది. కానీ చప్పుడు చేసేది ఆకలి కాదు, కండరం. జీర్ణకోశం పొడవునా గోడల్లో కండరాలు ఉంటాయి. అవి బిగిసి వదులవుతూ లోపలి ద్రవాన్ని, గాలిని ముందుకు నెడతాయి. నీళ్లూ గాలీ కలిసి ఇరుకు దారిలో కదిలినప్పుడు గుడగుడ వినిపిస్తుంది. సగం నీళ్లున్న సీసాను ఊపితే వచ్చే శబ్దం లాంటిదే ఇది.

ఖాళీ కడుపులో ఈ కదలిక ఒక వరుసలో జరుగుతుంది. సుమారు గంటన్నర నుంచి రెండు గంటలకొకసారి, కొద్ది నిమిషాలపాటు బలమైన అలలు పుట్టి, మిగిలిన తుక్కును, స్రావాలను పేగుల వెంట ఊడ్చేస్తాయి. దీన్ని ఇల్లు చిమ్మడం అనుకోండి. లోపల మెత్తగా అడ్డుపడే అన్నం ఉండదు కాబట్టి ఆ చప్పుడు బయటికి బాగా వినిపిస్తుంది.

అన్నం తినగానే ఈ చిమ్మే పని ఆగి, వేరే పని మొదలవుతుంది. జీర్ణాశయం నిమిషానికి సుమారు మూడు అలల చొప్పున అన్నాన్ని కలిపి, నలిపి, కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదులుతుంది. చిన్నపేగు మొదటి భాగంలో ఈ కదలికలు ఇంకా వేగంగా, నిమిషానికి పన్నెండు దాకా ఉంటాయి. అంతేకాదు, జీర్ణాశయంలో అన్నం పడగానే కింది పేగులకు కబురు వెళ్తుంది. పొద్దున తిన్నదాని శేషం చిన్నపేగు చివర నుంచి పెద్దపేగులోకి జరుగుతుంది. కొంతమందికి, ముఖ్యంగా పసిపిల్లలకు, తినగానే దొడ్డికి వెళ్లాలనిపించేది ఇందువల్లే.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి చూద్దాం. పొద్దున ఏడున్నరకు ఇడ్లీ, పన్నెండున్నరకు అన్నం. ఆటకు పరుగెత్తాలని గబగబా మింగింది. ముద్దతోపాటు గాలీ లోపలికి పోయింది. మీద రెండు గ్లాసుల నీళ్లు తాగింది. పైన అన్నం కలుస్తోంది, కింద ఇడ్లీ శేషం జరుగుతోంది, మధ్యలో గాలీ నీళ్లూ ఉన్నాయి. ఇక చప్పుడు రాకుండా ఎలా ఉంటుంది? రోజా విడిచిన వెంటనే షర్బత్ గటగటా తాగినప్పుడు మనలో చాలామందికి జరిగేదీ ఇదే.

మరి ఆకలి ఎక్కడ పుడుతుంది? 1912లో అమెరికాలో కానన్ అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేసిన వాష్‌బర్న్ ఒక రబ్బరు బుడగను మింగి, కడుపు బిగుసుకున్నప్పుడు తనకు ఆకలి మంట తెలుస్తోందని చూపించారు. అయితే జీర్ణాశయం తీసేసినవారికి కూడా ఆకలి వేస్తుందని తర్వాత తెలిసింది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు జీర్ణాశయంలో తయారయ్యే గ్రెలిన్ అనే హార్మోన్‌ను కనుగొన్నారు. భోజనానికి ముందు అది రక్తంలో పెరిగి మెదడుకు ఆకలి తెలుపుతుంది, తిన్నాక తగ్గుతుంది. ఇక చాలు అనే కబురు చెప్పే హార్మోన్లు పేగుల నుంచి మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది. అందుకే గబగబా తిన్నవారికి కడుపు నిండినా ఇంకా తినాలనిపిస్తుంది. పావుగంట ఆగితే సర్దుకుంటుంది.

నెమ్మదిగా నమిలి తింటే, నీళ్లు కొంచెం కొంచెంగా తాగితే గుడగుడ తగ్గుతుంది, పూర్తిగా పోదు. పోనవసరమూ లేదు. పాలు తాగిన ప్రతిసారీ గంటా రెండు గంటల్లో గుడగుడ, ఉబ్బరం, విరేచనం వస్తుంటే పాలలోని చక్కెర అరగడం లేదేమో చూడాలి. వారం పది రోజులు పాలు మానితే తేడా తెలుస్తుంది. చప్పుడుతోపాటు మెలిపెట్టే నొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బడం, గాలి కూడా పోకపోవడం ఉంటే పేగుకు అడ్డు పడిందేమోనని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆ రోజు నుంచి నేను చప్పుడు విని ఆకలిని లెక్కగట్టడం మానేశాను. నిజంగా ఏమీ తినని పిల్లవాడి కడుపులో ఆ బలమైన అలలు రెండు గంటలకోసారి కొద్ది నిమిషాలే వస్తాయి. మిగతా వేళంతా వాడు చాలావరకు నిశ్శబ్దంగానే పస్తు ఉంటాడు. అందుకే ఇప్పుడు చప్పుడు కోసం చూడను. పొద్దున ఏం తిన్నావని ఒక్కొక్కరినీ అడుగుతాను, చెప్పింది నమ్ముతాను.