నాలుగేళ్ల మోటారా, ఎనిమిదేళ్ల మోటారా?

అపార్ట్‌మెంట్ బోరు మోటారు కాలిపోయిందంటే ఆ సాయంత్రమే అసోసియేషన్ మీటింగ్ పడుతుంది. ఒకపక్క ట్యాంకర్లకు ఫోన్లు, ఇంకోపక్క కొటేషన్లు. లెక్క కోసం రెండు కొటేషన్లు వచ్చాయనుకుందాం. ఒక మోటారు 30,000 రూపాయలు, నాలుగేళ్లు పనిచేస్తుంది. రెండోది 55,000, ఎనిమిదేళ్లు వస్తుంది. కరెంటు ఖర్చు రెండింటికీ ఒకటే.

ఇలాంటిచోట ఎవరో ఒకరు చటుక్కున భాగహారం చేసేస్తారు. మొదటిదానికి ఏడాదికి 7,500, రెండోదానికి 6,875. ఖరీదైనదే చవక అని తీర్మానం అయిపోతుంది. ఆ భాగహారంలో వడ్డీ లేదు. ఎనిమిదేళ్ల సొమ్ము ఇవాళే కట్టాలన్న సంగతి ఎవరికీ తట్టదు.

ఆ వడ్డీని కూడా కలిపి చూసేదే సమాన వార్షిక వ్యయం. యంత్రం ధరను అది పనిచేసే కాలమంతా ఏడాదికోసారి కట్టే ఈఎంఐగా మార్చడమే ఇందులోని పని. ఎక్సెల్‌లో `=PMT(10%,4,-30000)` అని కొడితే, 10 శాతం వడ్డీకి, 9,464 వస్తుంది. `=PMT(10%,8,-55000)` కొడితే 10,309. తీర్మానం తిరగబడింది! కరెంటు, రిపేర్ల ఖర్చుల్లో తేడా ఉంటే వాటినీ ఏడాదికింత చొప్పున కలుపుకోవాలి.

ఎక్సెల్‌ను నమ్మనివారు ఇలా సరిచూసుకోవచ్చు. చవక మోటారు కొంటే 25,000 చేతిలో మిగులుతుంది. అది 10 శాతం చక్రవడ్డీతో నాలుగేళ్లలో 36,600 అవుతుంది. అందులోంచి 30,000 పెట్టి రెండో మోటారు కొన్నా ఇంకా డబ్బు మిగిలే ఉంటుంది. అదే 25,000 మూడు శాతం వడ్డీకి సేవింగ్స్ ఖాతాలో పడి ఉంటే మాత్రం 28,138 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ఖరీదైన మోటారే నయం.

ఇంతకీ కొటేషన్‌లో కనపడని ఖర్చు ఒకటుంది. మోటారు మార్చాలంటే పైపులు ఒక్కొక్కటీ విప్పుతూ బోరులోంచి పాతదాన్ని పైకి లాగాలి. కొత్తదానికి కేబుల్ కలిపి మళ్లీ దింపాలి. ఈ కూలి ప్రతిసారీ 8,000 అనుకుంటే ధరలు 38,000, 63,000 అవుతాయి. ఏటా పడే ఖర్చు 11,988, 11,809. ఎనిమిదేళ్ల మోటారు 179 రూపాయల తేడాతో గట్టెక్కింది. నిజానికి ఇంత చిన్న తేడాను గెలుపు అనలేం. వోల్టేజీ హెచ్చుతగ్గులకు వైండింగ్ ఒక ఏడాది ముందే కాలిపోతే మొత్తం లెక్క మారిపోతుంది.

పాతది పోగానే అలాంటిదే మళ్లీ అదే ధరకు కొంటారన్న ఊహ మీదే ఈ పద్ధతి నడుస్తుంది. ధరలు ఏటా పెరుగుతాయనుకుంటే, ఆ పెరుగుదల మేరకు వడ్డీ రేటును తగ్గించి లెక్కవేయాలి. నాలుగేళ్లలో ఆ వీధికి మున్సిపల్ కుళాయి నీళ్లు వచ్చి బోరు అవసరమే తీరిపోతుందనుకుంటే ఈ పద్ధతి పనికిరాదు. రెండో మోటారు కొనే పనే ఉండదు కాబట్టి నాలుగేళ్ల ఖర్చు ఒక్కటే చూడాలి. ఖరీదైన మోటారును అప్పుడు అమ్మితే ఎంత వస్తుందో అందులోంచి తీసేయాలి.