వెనక వైపు ఫోటో పెట్టన్నా

వాట్సాప్‌లో చీరలు అమ్ముకునే ఒక గృహిణికి సప్లయర్ నుంచి నీలం చీర ఫోటో వచ్చింది. కింద ‘పోచంపల్లి ఇక్కత్ పట్టు’ అని ఉంది. “ఒరిజినలేనా అన్నా?” అని అడిగితే, “గ్యారంటీ మేడమ్” అంటూ అదే ఫోటో మళ్లీ పంపాడు. అడిగిన తీరుకు అంతకు మించి జవాబు రాదు. అందుకే ఆమె మళ్లీ రాసింది:

“అన్నా, చీర నచ్చింది. డబ్బులు వేసే ముందు మూడు ఫోటోలు పెట్టండి. ఒకటి, చీర కొంచెం మడిచి ముందు వైపు, వెనక వైపు పక్కపక్కన కనపడేలా. రెండు, ఒక పువ్వు అంచు బాగా దగ్గర నుంచి, దారాలు విడివిడిగా తెలియాలి. మూడు, ఈ రోజు తేదీ రాసిన చీటీ చీర మీద పెట్టి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు. డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే దారాలు అలుక్కుపోతాయి.”

మూడో ఫోటో చీర అతని దగ్గరే ఉందని చెబుతుంది. అసలు సంగతి మొదటి రెండింటిలో ఉంది. ఇక్కత్‌లో మగ్గమెక్కక ముందే నూలును డిజైన్ ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచుతారు. రంగు దారం లోపలి దాకా పడుతుంది కాబట్టి బట్ట రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన బట్టకు వెనక వైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది.

పలచటి బట్ట మీద అచ్చు రంగు వెనక్కి దిగి మోసం చేయవచ్చు. అప్పుడు పువ్వు అంచు చూడాలి. పేకకు మాత్రమే ముడులు కట్టిన చీరలో అడ్డదారాలే రంగు మారతాయి, పడుగు దారాలు అదే రంగులో సాగిపోతాయి. అచ్చులో ఆ గీత దగ్గర నిలువు దారాలూ అడ్డదారాలూ కలిసే మారిపోతాయి. పడుగు, పేక రెండిటికీ ముడులు కట్టిన డబుల్ ఇక్కత్‌కు ఈ గుర్తు పనికిరాదు.

అది పట్టా కాదా అన్నది ఏ ఫోటో తేల్చదు. లేబుల్ ఫోటో కూడా లేబుల్ ఉందనే చెబుతుంది, అది ఈ చీరదేనని కాదు. పట్టు సంగతి చీర చేతికొచ్చాక పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

మర్నాడు ఫోటోలొచ్చాయి. వెనక వైపు నీలం పాలిపోయి ఉంది. పువ్వు అంచు దగ్గర రెండు వరసల దారాలూ ఒకే గీతలో తెల్లబడ్డాయి. ఆమె తిట్టలేదు. “ఇది ప్రింటన్నా, ప్రింట్ రేటు చెప్పండి” అని రాసింది. తన గ్రూపులో దాన్ని ‘ఇక్కత్ డిజైన్ ప్రింట్’ అనే పేరుతోనే అమ్మింది.