గైడ్ గారికి ఏమివ్వాలి, ఎప్పుడివ్వాలి

థీసిస్ బైండింగ్‌కు వెళ్లిన రోజు నుంచే స్కాలర్ల హాస్టల్లో ఒక ప్రశ్న మొదలవుతుంది: "సారుకి ఏమిద్దామనుకుంటున్నావు?" ఒకరు వెండి కుందులంటారు. ఇంకొకరు మేడమ్‌గారికి పట్టుచీర కూడా పెట్టాలంటారు. కిందటేడు సీనియర్ ఏమిచ్చాడో మరొకరు గుర్తుచేస్తారు. అయిదారేళ్లు దగ్గరుండి పని నేర్పిన మనిషి దగ్గర్నుంచి వట్టి చేతులతో వచ్చేయాలంటే మనసొప్పదు. అయితే గైడ్ గారు మనకు గురువు ఒక్కరే కారు, మన డిగ్రీ ఫైలు మీద సంతకం పెట్టే అధికారి కూడా. చిక్కంతా అక్కడే ఉంది.

థీసిస్ సమర్పించాక అంతా అయిపోయినట్టే అనిపిస్తుంది కానీ, అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం థీసిస్‌ను గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూడాలి. వాళ్లు ఆ విశ్వవిద్యాలయంలో ఉద్యోగులై ఉండకూడదు. నివేదికలు అనుకూలంగా వస్తే వైవా పెడతారు. దాన్ని గైడ్, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు కలిసి నిర్వహిస్తారు. ఈ తతంగమంతా ఆరు నెలల్లో ముగించాలన్నది నిబంధన. అంటే అన్నాళ్లూ గైడ్ గారు మీ పరీక్షకుల్లో ఒకరన్నమాట. ఆ మధ్యలో ఇచ్చిన కానుక చిన్నదైనా థీసిస్ మీద నీడ పడుతుంది. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీ కష్టాన్ని ఎవరూ పట్టించుకోరు, ఆ కానుక ఫొటో గురించే అడుగుతారు. అందుకని డిగ్రీ నోటిఫికేషన్ చేతికొచ్చేదాకా ఏమీ ఇవ్వకపోవడమే సరైన పద్ధతి. సంక్రాంతి, ఉగాది పేరు చెప్పి ఇచ్చేవీ ఇందులోకే వస్తాయి.

వైవా రోజు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు ఖర్చయ్యేది ఆ రోజే. ఎక్స్‌టర్నల్‌గా వచ్చే ప్రొఫెసర్‌కు ప్రయాణ ఖర్చులు, భత్యం విశ్వవిద్యాలయమే ఇస్తుంది. అయినా చాలాచోట్ల కారు, హోటల్ గది, శాలువా, డిపార్ట్‌మెంట్ మొత్తానికి భోజనాలు స్కాలరే చూసుకోవాలన్న అలవాటు పాతుకుపోయింది. యూజీసీ ఫెలోషిప్ ఉన్నా అయిదేళ్లతో ఆగిపోతుంది. ఆరో ఏట థీసిస్ ఇచ్చేవాళ్లకు చేతిలో రూపాయి ఉండదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళిలో 13వ నియమం కానుకల గురించే. ఉచిత ప్రయాణం, బస, భోజన వసతి కూడా దాని ప్రకారం కానుకలే. మామూలుగా కలిసి చేసే ఒక పూట భోజనాన్ని మాత్రం కానుకగా లెక్కవేయదు. ఆ గీత ఎక్కడుందో పట్టుకుంటే చాలు. వైవా అయ్యాక అందరికీ టీ, ఉప్మా పెట్టించడంలో తప్పులేదు. పరీక్షకుడి గదికి, కారుకు మీ జేబులోంచి డబ్బు కట్టడం మాత్రం తప్పే. ఆ ఏర్పాట్లు డిపార్ట్‌మెంట్ ఆఫీసు ద్వారా జరగాలని హెడ్ గారిని ముందే మర్యాదగా అడగవచ్చు.

ఆ నియమంలోనే విలువ హద్దు కూడా ఉంది. 2019లో సవరించాక, గ్రూప్-ఎ ఉద్యోగి అనుమతి లేకుండా తీసుకోగల కానుక విలువ 5,000 రూపాయలకు మించకూడదు. కేంద్రీయ సంస్థల్లో చాలావరకు ఈ పద్ధతే నడుస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సొంత నియమాలుంటాయి కాబట్టి ఆఫీసులో కనుక్కోవడం మంచిది. అయిదు వేలు హద్దే కానీ, అంత పెట్టి తీరాలని కాదు. నన్నడిగితే అందులో నాలుగో వంతు కూడా ఎక్కువే. మీరిచ్చిన దాన్ని మీ వెనకున్న స్కాలర్లు చూస్తారు, రేపు వాళ్లూ అంత తేవాలేమోనని బెంగపడతారు.

మరి ఏమివ్వాలి? ఔషధ మొక్కల మీద పని చేసిన ఒక స్కాలర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. నోటిఫికేషన్ వచ్చాక ఆమె ఇంటికి కాకుండా, పని వేళల్లో మేడమ్‌గారి గదికే వెళ్తుంది. జూనియర్లు అక్కడే ఉంటారు. చేతిలో ఏటికొప్పాక పెన్నుల స్టాండు. అంకుడు కర్రను చిత్రికపట్టి, లక్కతో, సహజ రంగులతో చేసింది, కొన్ని వందల్లో దొరుకుతుంది. అంకుడు చెట్టును అడవిలో ఆకు చూసి గుర్తుపట్టడం నేర్పింది ఆ మేడమే. దానికి అంతకుమించిన విలువ అక్కర్లేదు. ల్యాబ్ అసిస్టెంటుకు, అటెండరుకు ఒక పూతరేకుల పెట్టె. వాళ్లను మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఆమె ఇచ్చే అసలు కానుక మాత్రం బీరువాలో ఉంటుంది. సేకరించిన ప్రతి మొక్కనూ ఎండబెట్టి, హెర్బేరియం షీటు మీద అతికించి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో లేబుల్ రాయాలి. ఆ లేబుల్ మీది నంబరు ఫీల్డ్ నోట్‌బుక్‌లోని నంబరుతోనూ, థీసిస్‌లో వేసిన నంబరుతోనూ సరిపోవాలి. చాలామంది థీసిస్ ఇచ్చేసి, మొక్కల్ని పాత పేపర్ల మధ్యే వదిలేసి వెళ్తారు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి పురుగు పడుతుంది. మూడో ఏడు జూనియర్ వచ్చి ఫలానా నంబరు మొక్క ఏదని అడిగితే మేడమ్ దగ్గర జవాబుండదు. మన స్కాలర్ వెళ్లేముందు ఓ వారం కూర్చుని మూడు నంబర్లూ సరిచూస్తుంది. తేడా వచ్చిన షీట్లకు విడిగా చీటీ పెట్టి, కొలతల పట్టికలన్నీ ఒక ఫోల్డర్లో చేర్చి, ఏ ఫైల్లో ఏముందో ఒక పేజీ రాసి ఇస్తుంది. ఏ సబ్జెక్టులోనైనా ఇలాంటి పని ఒకటి మిగిలే ఉంటుంది. చరిత్ర వాళ్లకు శాసనాల ఫొటోలు, సాహిత్యం వాళ్లకు ఇంటర్వ్యూల రికార్డింగులు. గైడ్‌కు దీనికి మించిన కానుక నాకు తెలియదు, ఏ నియమమూ దీన్ని అడ్డుకోదు.

దాంతోపాటు చేత్తో రాసిన ఒక ఉత్తరం. 'మీరు దైవసమానులు' అని రాస్తే అది అందరూ రాసేదే. 'మూడో అధ్యాయంలో లెక్కలు తప్పాయని మీరు మొత్తం వెనక్కి ఇచ్చిన రోజు కోపం వచ్చింది మేడమ్. మళ్లీ వేశాకే ఫలితం తేలింది' అని రాస్తే దాచుకుంటారు. థీసిస్‌లోని కృతజ్ఞతల పేజీలోనూ ఇంతే. థీసిస్ శోధ్‌గంగలో చేరాక ఆ పేజీని ఎవరైనా చదవవచ్చు. అక్కడ పొగడ్త కన్నా నిజం నిలుస్తుంది.

ఒక కానుకను మాత్రం ఎప్పుడూ ఇవ్వకూడదు, అదీ రూపాయి ఖర్చు కానిది. పేపరు ప్రచురించేటప్పుడు పని చేయని వాళ్ల పేర్లు, గైడ్ గారి మిత్రులవో బంధువులవో, రచయితల వరుసలో చేర్చడం. గైడ్ నిజంగా పని చేసి ఉంటే ఆయన పేరు హక్కుగానే ఉంటుంది, మనం ఇచ్చేదేమీ కాదు. లేని వాటా కట్టబెడితే అది పరిశోధనలో అబద్ధమే, ఎంత గౌరవంతో చేసినా.

గైడే నోరు తెరిచి అడిగితే, లేదా ఇంకొకరి చేత చెప్పిస్తే, దాన్ని కానుక అనలేం. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, దానిపైన అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. మెసేజ్‌లు దాచిపెట్టుకుని అక్కడికి వెళ్లవచ్చు. ఒంటరిగా వెళ్లడం ఎంత కష్టమో తెలియక ఈ మాట అనడం లేదు. తోటి స్కాలర్లు నలుగురు కలిసి వెళితే బరువు తగ్గుతుంది.

చివరగా గైడ్లకు ఒక విన్నపం. ఇవ్వద్దని స్కాలర్ నోటితో చెప్పలేడు, మీరు చెప్పగలరు. చేరిన మొదటి నెలలోనే, అందరూ ఉన్నప్పుడు, "నాకు ఏమీ తేవద్దు, డేటా మాత్రం సరిగ్గా అప్పగించి వెళ్లండి" అని ఒక్కసారి చెప్పండి.