నల్లని మలం: ఫొటో చెప్పేది, చెప్పలేనిది

విజయవాడ వన్‌టౌన్‌లో నివసించే అరవై ఏళ్ళ తల్లి, రమజాన్ మాసంలో ఒకనాటి ఉదయం, బందరులో ఉన్న కుమార్తె ఫోనుకు ఒక ఫొటో పంపిందనుకుందాం. మలం నల్లగా ఉన్నది. ఆమె రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతున్నది. మోకాళ్ళ నొప్పికి దుకాణంలో కొన్న మాత్రలు కూడా పది రోజులుగా, సహరీలో సరిగా తినకుండానే వేసుకుంటున్నది. “ఐరన్ మాత్రల వల్లనేలే అమ్మీ” అని కుమార్తె ఊరుకోవచ్చునా?

ఐరన్ మాత్రల వలన మలం నల్లబడడం నిజమే. అయితే అది సాధారణంగా ఆకుపచ్చ ఛాయ గల నలుపు. గట్టిగా, ఎప్పటి రూపంలోనే ఉంటుంది. జీర్ణాశయంలో పుండు పడి రక్తం కారితే, ఆ రక్తం ప్రేగుల గుండా వచ్చేలోగా మార్పు చెంది నల్లబడుతుంది. అప్పుడు మలం తారులా జిగటగా, నిగనిగలాడుతూ, భరించలేని ప్రత్యేకమైన దుర్వాసనతో ఉంటుంది. నీళ్ళు పోసినా సులభంగా వదలదు. నొప్పి మాత్రలు జీర్ణాశయపు లోపలి పొరను దెబ్బతీసి ఇటువంటి పుండ్లకు కారణం కాగలవు. కడుపులో నొప్పి లేకుండానే రక్తం కారవచ్చు.

వాసన, జిగట ఫొటోలో కనబడవు. పసుపు దీపం, ఫోను ఫ్లాష్ రంగును మార్చివేస్తాయి. పగటి వెలుగులో, ప్రక్కన తెల్ల కాగితం ఉంచి తీసిన ఫొటో వైద్యునికి కొంత ఉపకరిస్తుంది. కాని కుమార్తె అడగవలసిన ప్రశ్నలు వేరు: “జిగటగా ఉందా? లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా? గుండె దడగా ఉందా? నెత్తురు గాని, కాఫీపొడి వంటిది గాని వాంతి అయిందా?”

మలం తారులా ఉంటే, మిగిలిన లక్షణాలు లేకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళవలసినదే. కళ్ళు తిరగడం, దడ, వాంతి తోడైతే వెంటనే 108కు ఫోను చేయాలి. “ఇఫ్తార్ అయ్యాక చూద్దాం” అనుకోరాదు. రోగికి ఉపవాసం నుండి సడలింపు దివ్య ఖుర్ఆన్‌లోనే ఉన్నది. కోలుకున్న తరువాత ఆ రోజులను పూర్తి చేసుకోవచ్చును. దుకాణంలో కొన్న నొప్పి మాత్రలను ఆపి, వాటి అట్టను వెంట తీసుకువెళ్ళాలి. గుండె జబ్బుకు వైద్యుడు వ్రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం ఆయనను అడగకుండా మానరాదు. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, ఎండోస్కోపీతో పుండును చూస్తారు. అవసరమైతే దాని ద్వారానే రక్తస్రావాన్ని ఆపుతారు.

మరి రెండు రంగులను కూడా గుర్తుంచుకోవాలి. ఎర్రని రక్తం మొలల వలన కావచ్చును. అయినా పెద్ద వయసులో పరీక్ష లేకుండా మొలలేనని తీర్మానించరాదు. రక్తంతో పాటు బంక, జ్వరం ఉంటే జిగట విరేచనాలని అనుమానించి ఆనాడే చూపించాలి. మలం సున్నంలా పాలిపోయి, మూత్రం ముదురు రంగులో, కళ్ళు పచ్చగా ఉంటే పైత్యరసపు దారి మూసుకొన్నదేమో చూడాలి. పసికందులో మలం ఇలా పాలిపోతే ఒక్క రోజైనా ఆలస్యం చేయరాదు. పుట్టుకతో ఆ దారి మూసుకొని ఉన్న బిడ్డకు రెండు నెలల లోపు చేసిన శస్త్రచికిత్సే ఎక్కువగా ఫలిస్తుంది.