రోజుకెంత పడుతుంది?

నిరుడు అక్టోబరు చివర్లో మా చెల్లెలి కొడుకు షికాగో నుంచి వీడియో కాల్ చేశాడు. ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో వెళ్లాడు. ఫోన్ చేసింది దుకాణంలోంచే. హ్యాంగర్లకు పక్కపక్కన రెండు కోట్లు వేలాడుతున్నాయి. ఒకటి 120 డాలర్లు, రెండోది 450.

"పెద్దమ్మా, ఈ రెండోది మన డబ్బుల్లో నలభై వేలకు దగ్గర. అమ్మకు చెబితే ఊరుకోదు. కానీ ఎనిమిదేళ్లు వస్తుందట, రోజుల మీద పంచుకుంటే ఇదే చవకట. నా రూమ్మేట్ లెక్క వేసి చూపించాడు. కొనెయ్యనా?"

"ఇవాళ కొనకురా. ఆ లెక్క నాకు పంపు, నేనూ వేసి చూస్తాను" అన్నాను.

ఆ లెక్కను అక్కడ కాస్ట్ పర్ వేర్ అంటారు. వస్తువు ధరను దాన్ని వేసుకునే రోజులతో భాగించడం. మనం కొత్త ఫ్యాన్ కొన్నా, మిక్సీ కొన్నా ఏడాదికెంత పడిందని చూసుకుంటాం కదా, అదే. పెద్ద ధర చూసి బెదిరిపోకుండా, చిన్న ధర చూసి మోసపోకుండా ఇది కాపాడుతుంది. అయితే ఈ భాగహారంలో పైనున్న అంకె దుకాణంవాళ్లు రాసిపెట్టినది. కిందనున్న అంకె మనం ఊహించుకున్నది. తప్పు జరిగేదంతా ఆ కింది అంకెలోనే. కోటు మీద మనసు పడ్డవాడు ఆ అంకెను తనకు తెలియకుండానే పెంచేస్తాడు.

మావాడి రూమ్మేట్ ఏడాదికి 150 రోజులని వేశాడు. నవంబరు నుంచి మార్చి దాకా చలే కదా అని. చలి ఉన్న మాట నిజమే. షికాగోలో జనవరి నెల కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున సున్నాకు ఏడు డిగ్రీలు దిగువ. 2019 జనవరి 30న అయితే మైనస్ ముప్ఫై దాకా పడిపోయింది. కానీ నవంబరులో చాలా రోజులు స్వెటర్ మీద పలచని జాకెట్ వేసుకుంటే సరిపోతుంది. అక్కడ మూడు చలికాలాలు గడిపిన ఒక సీనియర్‌ను అడగమన్నాను. డిసెంబరు మొదటి నుంచి మార్చి నడిమి దాకా పదిహేను వారాలు, వారానికి ఆరు రోజులు, అంతకు మించి బరువు కోటు బయటికి తీయలేదని ఆ అబ్బాయి చెప్పాడు. అంటే ఏడాదికి 90 రోజులు.

ఇప్పుడు రెండు కోట్లనూ పక్కపక్కన పెడదాం. 120 డాలర్లది రెండు చలికాలాలు వస్తుందనుకుందాం. చవక కోటు సాధారణంగా పాడయ్యేది జిప్పు దగ్గర, జేబు అంచుల దగ్గర, చంక కింద లైనింగులో. రెండు కాలాలంటే 180 రోజులు, రోజుకు 67 సెంట్లు. 450 డాలర్లది ఎనిమిది కాలాలూ వస్తే 720 రోజులు, రోజుకు 63 సెంట్లు. నాలుగు సెంట్ల తేడా! ఖరీదైనదే చవక అన్న మాట లెక్క ప్రకారం నిజమే, కానీ ఎనిమిదేళ్లూ నిండాకే నిజం.

అందుకే నేను ఈ లెక్కను తిప్పి వేస్తాను. ఖరీదైన వస్తువు ఎన్ని రోజులు వస్తుందో ఊహించడం మానేసి, చవకదాన్ని దాటాలంటే ఎన్ని రోజులు వేసుకోవాలో చూస్తాను. చవక కోటుకు రోజుకు 67 సెంట్లు పడుతోంది. 450 డాలర్లను ఆ 67 సెంట్లతో భాగిస్తే దాదాపు 675 రోజులు. ఏడున్నర చలికాలాలు. ఇక అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏడున్నర చలికాలాలు నువ్వు అక్కడ ఉంటావా?

మావాడి చదువు రెండేళ్లు. ఆ తర్వాత ఉద్యోగం ఏ ఊళ్లో వస్తుందో వాడికే తెలియదు. మన పిల్లలు ఎంతోమంది షికాగోలోనో బఫెలోలోనో చదువుకుని డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో తేలతారు. అక్కడ ఇంత బరువు కోటు ఏడాదికి నాలుగు రోజులు వేసుకుంటే గొప్ప. కుట్లు చెక్కుచెదరకపోయినా కోటు ఆయుష్షు అక్కడితో అయిపోయినట్టే. రెండు చలికాలాలకే ఊరు మారితే 450 డాలర్ల కోటుకు రోజుకు రెండున్నర డాలర్లు పడుతుంది. ఎవరికైనా 200కు అమ్మగలిగినా దాదాపు డాలరు నలభై సెంట్లు పడుతుంది. ఇది రూమ్మేట్ లెక్కలో ఎక్కడా లేదు. బట్ట ఎన్నాళ్లు మన్నుతుందో చూశాడు గానీ, మనిషి ఎన్నాళ్లు ఉంటాడో చూడలేదు.

ఇంకొకటి కూడా వదిలేశాడు. అంత డబ్బు మావాడి దగ్గర లేదు, క్రెడిట్ కార్డు మీద పెట్టాలి. ఏడాదికి 24 శాతం వడ్డీ అనుకుంటే 450 మీద నెలకు తొమ్మిది డాలర్లు. అంటే తీర్చని ప్రతి నెలా చవక కోటు పదమూడు రోజుల ఖర్చు ఊరికే పోతుంది. టెర్రీ ప్రాచెట్ అనే ఇంగ్లీషు రచయిత 1993లో రాసిన 'మెన్ ఎట్ ఆర్మ్స్' నవలలో వైమ్స్ అనే పోలీసు ఇదే బాధ పడతాడు. మంచి బూట్లు యాభై డాలర్లు, అతని జీతం నెలకు ముప్ఫై ఎనిమిది. అందుకని పది డాలర్లవే మళ్లీ మళ్లీ కొంటాడు, చివరికి ఎక్కువే ఖర్చు పెడతాడు, పాదాలు మాత్రం తడుస్తూనే ఉంటాయి. చేతిలో డబ్బున్నవాడికి ఉపయోగపడే లెక్క అది లేనివాడికి ఉన్నదున్నట్టుగా వర్తించదు. ఈ మాట చెప్పకుండా పిల్లలకు ఈ సూత్రం నేర్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మరి ఏం చేయాలి? దారి ఆ సీనియర్ దగ్గరే దొరికింది. అతనికి హ్యూస్టన్‌లో ఉద్యోగం వచ్చింది. అదే కంపెనీ కోటు, రెండు కాలాలు వేసుకున్నది, 200 డాలర్లకు ఇస్తానన్నాడు. వేడి ఊరికి వెళ్లే మనిషి నష్టం చలి ఊళ్లో ఉండే మనిషికి లాభం. మావాడు రెండేళ్లు వేసుకుని 120కి అమ్మేసినా, పోయేది 80 డాలర్లు. 180 రోజులకు పంచితే రోజుకు 44 సెంట్లు. మూడు దారుల్లోనూ ఇదే చవక, పైగా ఒంటి మీద ఉండేది మంచి కోటు.

పాత కోటు కొనేటప్పుడు ఏం చూడాలో చెప్పాను. జిప్పును కింది నుంచి మీదికి నాలుగైదు సార్లు లాగి చూడు, మూసిన జిప్పు వెనక నుంచి విచ్చుకుంటోందేమో గమనించు. కుట్ల వెంట ఈకలు బయటికి వస్తున్నాయా? కోటును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఈకలు ముద్దకట్టి, మధ్యలో ఖాళీ అరలు కనిపిస్తున్నాయా? చీటీ మీద 600, 800 అని ఉండే ఫిల్ పవర్ అంకెను చూసి మురిసిపోకు. అది ఈక ఎంత గుల్లగా ఉబ్బుతుందో చెబుతుంది, లోపల ఎంత ఈక నింపారో చెప్పదు. కొద్దిగా నింపిన 800 కోటు కన్నా దండిగా నింపిన 600 కోటే వెచ్చగా ఉండొచ్చు.

కోటు అయిపోగానే బూట్ల సంగతి ఎత్తాడు. "వీటికీ ఇదే లెక్కా పెద్దమ్మా?" లెక్క అదే గానీ బూట్ల స్వభావం వేరు. కోటు అరిగితే కొత్త ఒళ్లు వేయలేం. బూటుకు అడుగు అరిగితే కొత్త అడుగు వేయొచ్చు, అయితే అన్ని బూట్లకూ కాదు. చవక బూట్ల సోల్‌ను జిగురుతో అతికిస్తారు. మంచి తోలు బూట్లలో కొన్నిటికి పైతోలు చుట్టూ సన్నని తోలు పట్టీ కుట్టి, సోల్‌ను ఆ పట్టీకి కుడతారు. ఈ పద్ధతిని గుడ్‌ఇయర్ వెల్ట్ అంటారు. అరిగిన సోల్ కుట్లు విప్పేసి, పైభాగం పాడవకుండా కొత్తది కుట్టొచ్చు. చూపుకు ఒకేలా కనిపించేలా రబ్బరు మీద ఉత్తుత్తి కుట్లు అచ్చువేసేవీ ఉంటాయి. గోటితో గీకితే దారం కదులుతుందో లేదో తెలుస్తుంది. అంతకన్నా, దీనికి సోల్ మార్చి ఇస్తారా అని దుకాణంలోనే అడగడం మేలు.

60 డాలర్ల జిగురు బూట్లు ఒక చలికాలంలో 80 రోజులు వస్తే రోజుకు 75 సెంట్లు. 300 డాలర్ల కుట్టు బూట్లు ఏడాదికి వంద రోజుల చొప్పున మూడేళ్లకు సోల్ అరగదీసుకుంటే రోజుకు డాలరు. అక్కడితో పారేస్తే నష్టమే. వంద డాలర్లు పెట్టి సోల్ మార్పిస్తే ఆరేళ్లకు 67 సెంట్లకు దిగుతుంది. మళ్లీ మార్పిస్తే తొమ్మిదేళ్లకు 56. చవకవాటిని దాటేది ఆరో ఏడు నడుస్తుండగా. అంటే ఖరీదైన బూట్ల లాభమంతా చెప్పులు కుట్టేవాడి దగ్గరికి వెళ్లే మనిషికే. వెళ్లని మనిషి ఆ 300 పెట్టడం వృథా. అయితే కోటుకు లేని గుణం ఒకటి బూట్లకుంది: డాలస్‌లోనూ వేసుకోవచ్చు. ఊరు మారినా రోజులు లెక్కలోకి వస్తూనే ఉంటాయి.

దాచుకుంటే మిగులుతుందనుకోవడం కూడా పొరపాటే. మా మరిది కాకినాడలో బీరువాలో భద్రంగా దాచుకున్న స్పోర్ట్స్ షూ ఆరేళ్ల తర్వాత తీసి వేసుకుంటే వీధి చివరికి వెళ్లేలోపు సోల్ ముక్కలు ముక్కలుగా రాలిపోయింది. పాలీయురిథేన్ సోల్ గాలిలోని తేమకు లోలోపలే విరిగిపోతుంది, నడిచినా నడవకపోయినా. అలాంటివాటికి రోజుల లెక్కతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది. రెండు జతలు కొని మార్చి మార్చి వేసుకున్నా అంతే, ఏడాదిలో చలి రోజులు రెట్టింపు కావు, ఉన్న తొంభైనే రెండు జతలూ పంచుకుంటాయి. తోలు బూట్లకు మాత్రం మధ్యలో ఒక రోజు ఆరే తీరిక ఇవ్వాలి, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తోలు మీద తెల్లగా చారలు కట్టకముందే తడిగుడ్డతో తుడవాలి. లేకపోతే రెండో సోల్ దాకా పైతోలు మిగలదు.

ఈ లెక్క అన్నిటికీ వర్తించదు. నా పెళ్లి పట్టుచీర ఇప్పటికి ఏడుసార్లు కట్టుకున్నాను. దాన్ని ఏడుతో భాగించాలని నాకెప్పుడూ అనిపించలేదు. చలికోటు, బూట్లు రోజూ పని చేసిపెట్టే వస్తువులు కాబట్టే వాటిని ఇలా అడగొచ్చు.

మావాడు సీనియర్ కోటు తీసుకున్నాడు. బూట్లు ఈ ఏడాదికి 60 డాలర్లవే, ఉద్యోగం వచ్చాక మంచివి చూసుకుంటానన్నాడు. ఫోన్‌లో రోజులు రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఫిబ్రవరిలో మెసేజ్ వచ్చింది: "పెద్దమ్మా, యాభై రెండో రోజు జిప్పు తల ఊడింది. కొత్తది వేయించడానికి పాతిక డాలర్లు అయింది." ఆ పాతికను పైఅంకెకు కలపమని రాశాను. కాసేపటికి జవాబు పెట్టాడు: "కలిపాను. రెండేళ్లకు వేస్తే రోజుకు 58 సెంట్లు."